ముప్పై ఒకటో చెయ్యి

చిన్నతాతయ్య పోయాక ఆయన రేకుపెట్టె తెరిస్తే బట్టలకన్నా కాగితాలే ఎక్కువ ఉన్నాయి. వాటి అడుగున అట్ట ఊడిపోయిన ఒక పాత లెడ్జరు. ప్రతి పేజీలోనూ నల్లసిరాతో అచ్చువేసిన అరచేతులు. కాకినాడ రేవు దగ్గర ఒక కొట్లో గుమాస్తాగా పనిచేసిన ఆయనకి సాయంత్రాలు చేతులు చూసే సరదా ఉండేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరి దగ్గరా కానీ తీసుకోలేదు. కానీ చూసిన చేతులన్నీ ఇలా దాచిపెట్టాడని ఎవరికీ తెలియదు.

అచ్చు తీసే పద్ధతి నాకు కొంచెం గుర్తుంది. గాజుపలక మీద ప్రెస్సు సిరా చుక్క వేసి, రబ్బరు రోలరుతో పల్చగా పరిచి, ఆ రోలరునే అరచేతి మీద దొర్లించేవాడు. కాగితం కింద మడతపెట్టిన తువ్వాలు ఉండాలి. లేకపోతే అరచేతి మధ్య గుంట కాగితానికి తగలదు, అక్కడ తెల్లగా మిగిలిపోతుంది. చెయ్యి పెట్టాక పైనుంచి తన అరచేత్తో ఒకసారి అదిమేవాడు. తర్వాత కిరసనాయిలు గుడ్డ ఇచ్చి తుడుచుకోమనేవాడు.

పేజీల్లో పేర్లు లేవు. అంకె, తేదీ, వయసు, కింద ఒకటి రెండు మాటలు. అంతే. తిరగేస్తూ పోతే 31, 32 పేజీల దగ్గర ఆగిపోయాను. రెండూ వరస పేజీలు, రెండూ 1957లోవి.

31లో ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది. వయసు 46. చిటికెన వేలి వైపు, అరచేతి కింది భాగంలో, మణికట్టుకి కొంచెం పైన ఉబ్బెత్తుగా ఉండే చోటుని చేతులు చూసేవాళ్ళు చంద్రస్థానం అంటారు. ఆ అంచునుంచి లోపలికి అడ్డంగా ఏడు గీతలు నిచ్చెన మెట్లలా ఉన్నాయి. రైలు ప్లాట్‌ఫారం మీద అమ్మే ఏ హస్తసాముద్రికం పుస్తకం చూసినా వీటి పేరు ప్రయాణరేఖలే. ఏడుంటే ఏడు దేశాలు తిరగాలి. కింద చిన్నతాతయ్య రాసింది మాత్రం ఇది: “కదలిక. యాత్ర కాదు.”

32లో రెండు చేతులూ ఉన్నాయి. వయసు 47. చంద్రస్థానం దాదాపు నున్నగా ఉంది, ఒకే ఒక్క గీత, అదీ పొట్టిది. కింద: “రెండు దాటుళ్ళు. 16, 32.”

రెండు పేజీల రాతలూ తారుమారయ్యాయని చాలాకాలం అనుకున్నాను. గుమాస్తాగిరీలో పద్దులు తప్పని మనిషి ఇక్కడెలా తప్పాడా అని ఆశ్చర్యం కూడా వేసింది.

తారుమారు కాలేదని తెలియడానికి మొదటి ఆధారం మార్జిన్‌లో దొరికింది. ప్రతి పేజీ పక్కనా పెన్సిలుతో నిలువుగా నాలుగు అక్షరాలు: చం, జీ, వి, వె. ఒక్కోదాని ఎదురుగా ఒక అంకె. 31లో చం ఏడు, జీ సున్న, వి సున్న, వె దగ్గర మాత్రం “నిండు” అని ఉంది. 32లో చం ఒకటి, జీ రెండు, వి రెండు, వె దగ్గర “లేదు”. అంటే ఆయన ఏడు గీతలనీ చూశాడు, లెక్కపెట్టాడు, రాసుకున్నాడు. చూసి కూడా యాత్ర కాదన్నాడు. మిగతా మూడక్షరాలు ఏమిటో తేలితే ఎందుకన్నాడో తేలుతుంది.

చం అంటే చంద్రస్థానం, అందులో సందేహం లేదు. జీ అంటే జీవితరేఖ అని, వి అంటే విధిరేఖ అని ఊహించడానికి కష్టపడక్కర్లేదు. ఊహ నిజమేనని పుస్తకం చెప్పింది. ఆయన పెట్టెలో కీరో పుస్తకం ఒకటి ఉంది. కీరో అన్న పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఈయన 1866లో పుట్టిన ఐరిష్ వాడు. తన విద్య బొంబాయి వైపు ఒక చిత్‌పావన్ బ్రాహ్మణుడి దగ్గర నేర్చుకున్నానని చెప్పుకునేవాడు. 1894లో వచ్చిన పుస్తకంలో ప్రయాణాలు చూడ్డానికి రెండు వేర్వేరు దారులున్నాయంటాడు. ఒకటి చంద్రస్థానం మీది గీతలు. రెండోది జీవితరేఖలోంచి చీలి, దాని పక్కనే సాగే సన్నని పాయలు. రెండోదానికే బరువెక్కువ అంటాడు. చంద్రస్థానం గీతలు చిన్నాచితకా మార్పులు, జీవితరేఖ చీలికలు జీవితాన్నే మార్చే ప్రయాణాలు. జీవితరేఖ చివర రెండుగా చీలి, ఒక పాయ బొటనవేలి కింది శుక్రస్థానాన్ని చుట్టి, రెండోది చంద్రస్థానం అడుగుకి పోతే పుట్టిన దేశం విడిచి పోవడమని కూడా రాశాడు. ప్లాట్‌ఫారం పుస్తకాలు ఈ రెండు దారుల్లో సులువైన మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలేశాయి.

మన పాత సాముద్రికం ఏమందో కూడా చిన్నతాతయ్య చూసినట్టుంది. లెడ్జరు మొదటి పేజీలో వరాహమిహిరుడి పేరు రాసి, పక్కనే ఒక పాదం బొమ్మ గీశాడు. ఆరో శతాబ్దపు బృహత్సంహితలో పురుష లక్షణాలు చెప్పే చోట, మధ్య ఎత్తుగా లేచిన పాదం ఉన్నవాడికి దారి నడక రాసిపెట్టి ఉంటుందని ఉంది. యాత్రని అక్కడ కాలు చెబుతోంది. మన ఇళ్ళలో ఇప్పటికీ అదే మాట: తెగ తిరిగేవాణ్ణి కాళ్ళలో చక్రాలున్నాయా అంటారు, అరికాల్లో పుట్టుమచ్చ ఉందేమో చూడమంటారు. చేతిలో చక్రాలున్నాయని ఎవరూ అనరు. పాదం పక్కన చిన్నతాతయ్య ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు. కానీ ఆ ప్రశ్న ఆయన్ని చంద్రస్థానం గీతల మీద గుడ్డినమ్మకం పెట్టుకోకుండా ఆపిందని నా అనుమానం.

ఇంక మిగిలింది వె. దీనికోసం లెడ్జరు మొత్తం తిరగేయాల్సి వచ్చింది. ఎక్కడ వె దగ్గర “నిండు” అని ఉందో ఆ చేతులన్నిటిలో ఒకటే పోలిక. అరచెయ్యంతా వెంట్రుకల్లాంటి గీతలు, బొటనవేలి మొదట్లో, వేళ్ళ కింద, గుంటలో, ఎక్కడ చూసినా సాలెగూడు. “లేదు” అన్న చేతుల్లో నాలుగైదు లోతైన గీతలు, మిగతాదంతా నున్నన. వె అంటే వెంట్రుక గీతలన్నమాట.

ఈ అక్షరం దొరికాక ఆయన పద్ధతి బోధపడింది. చంద్రస్థానం మీది గీతని దాని మానాన దాన్ని చదవకూడదు. ముందు చెయ్యంతా చూడాలి. చెయ్యంతా వెంట్రుక గీతలతో నిండి ఉంటే, అంచున ఉన్న ఏడూ ఆ గుంపులోవే. చంద్రస్థానం మీద పడ్డాయి కాబట్టి వాటికి ప్రయాణమని పేరొచ్చింది, అంతే. అదే నున్నటి చేతిలో, బుద్ధిరేఖంత లోతుగా, అంచునుంచి స్పష్టంగా లోపలికి వచ్చిన గీత ఒక్కటున్నా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఎదురుగా మనిషి కూచున్నప్పుడు ఆయన ఇంకో పని కూడా చేసేవాడు, నేను చూశాను. ఆ అంచు చర్మాన్ని రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ లాగేవాడు. లాగితే మాయమయ్యే గీతని వదిలేసేవాడు. గుప్పిట బిగించినప్పుడల్లా అక్కడ చర్మం మడత పడుతుంది, ఎండిన చేతికి ఆ మడతలు తెల్లగా నిలిచిపోతాయి. కొంచెం కొబ్బరినూనె రాస్తే సగం పోతాయి. నూనెతో పోయే ప్రయాణాన్ని నమ్ముకుని ఎవరు టికెట్టు కొంటారు?

శరీరశాస్త్రం కూడా ఇక్కడిదాకా ఆయన పక్కనే ఉంటుంది. అరచేతిలోని పెద్ద మడతలు తల్లి కడుపులో మూడో నెల చుట్టుపక్కలే ఏర్పడిపోతాయి. సన్నగీతలు అలా కాదు. పని, పొడిబారడం, వయసు, వీటితో వస్తూ పోతూ ఉంటాయి. పెద్ద మడతలైనా భవిష్యత్తు చెబుతాయని ఆ శాస్త్రం అనదు. ఏది నిలిచేది, ఏది నిలవనిది అని మాత్రం చెబుతుంది.

31లో ఇంకో సంగతి ఉంది. బుద్ధిరేఖ అడ్డంగా పోకుండా కిందికి వాలి చంద్రస్థానం లోపలికే దిగిపోయింది. చేతులు చూసేవాళ్ళ భాషలో చంద్రుడంటే ఊహ. 1900లో అమెరికావాడు బెన్‌హామ్ రాసిన లావుపాటి పుస్తకంలో చంద్రస్థానం బలంగా ఉన్నవాణ్ణి ఒకచోట నిలకడ లేనివాడిగా, చోటు మారాలని తహతహలాడేవాడిగా వర్ణిస్తాడు. తహతహ వేరు, చోటు మారడం వేరు. బుద్ధిరేఖ అక్కడికి దిగి, పైన సన్నగీతల నిచ్చెన ఉండి, జీవితరేఖలో ఒక్క చీలికా లేకపోతే ఆ తిరుగుడంతా తలలోనే. “కదలిక” అన్న మాట చిన్నతాతయ్య అందుకే వాడాడు.

ఇప్పుడు 32కి వద్దాం. జీ రెండు, వి రెండు. జీవితరేఖ మీద రెండు చోట్ల ఎర్రపెన్సిలు చుక్కలున్నాయి. వయసు కొలవడానికి ఆయన దారం వాడేవాడు. చూపుడువేలి కింద రేఖ మొదలైన చోటునుంచి మణికట్టుదాకా వంపు వెంబడే దారం పరిచి, ఆ మొత్తాన్ని 70 ఏళ్ళ కింద లెక్కగట్టేవాడు. నేనూ అలాగే కొలిచాను. దారం పొడవు 10.5 సెంటీమీటర్లు వచ్చింది. అంటే ఏడాదికి ఒకటిన్నర మిల్లీమీటరు. మొదటి చుక్క మొదటినుంచి 2.4 సెంటీమీటర్ల దగ్గర, అంటే 16 ఏళ్ళు. రెండోది 4.8 దగ్గర, 32 ఏళ్ళు. రెండు చోట్లా సన్నని పాయ ఒకటి రేఖలోంచి విడిపోయి చంద్రస్థానం వైపు మొగ్గింది. అసలు రేఖ మాత్రం ఎటూ పోకుండా శుక్రస్థానాన్ని నిండుగా చుట్టి మణికట్టు దగ్గర ముగిసింది. దీన్ని పోయి తిరిగి వచ్చిన చెయ్యి అంటారు. పాయ బయటికి లాగినా రేఖ ఇంటివైపే తిరిగింది.

విధిరేఖ సాక్ష్యం వేరుగా తీసుకోవాలి. దానికి కొలత కూడా వేరే. మణికట్టునుంచి మధ్యవేలి వైపు నిలువుగా లేచే ఈ రేఖ బుద్ధిరేఖని దాటే చోటుని 35 కింద, హృదయరేఖని దాటే చోటుని 50 దరిదాపుల కింద తీసుకుంటారు. 32వ పేజీలో ఈ రేఖకి అడుగున, మణికట్టుకీ బుద్ధిరేఖకీ సగం దూరంలో, చంద్రస్థానం వైపునుంచి ఒక పాయ వచ్చి కలిసింది. ఇంకో మనిషి వల్ల జీవితం మలుపు తిరగడమని దాన్ని చదువుతారు, ఆడవాళ్ళ చేతిలో తరచు పెళ్ళి అంటారు. బుద్ధిరేఖకి కాస్త కిందగా అసలు రేఖ ఆగిపోయింది. అది ఆగకముందే పక్కన ఇంకో రేఖ మొదలై పైకి పోయింది. కాపురం ఒకచోట ముగిసి ఇంకోచోట మొదలవడమంటే పుస్తకాల్లో ఇదే గుర్తు. చిన్నతాతయ్య సూత్రం ఇదన్నమాట: జీవితరేఖా విధిరేఖా ఒకే వయసు దగ్గర ఒకే మాట చెబితే అది దాటు. ఒకటే చెబితే ఆగి చూడు. చంద్రస్థానం ఒక్కటే చెబితే వదిలేయ్.

అద్దె ఇళ్ళు మారడం ఈ లెక్కలో ఎక్కడా లేదు. అదే వీధిలో నాలుగిళ్ళు మారినవాళ్ళ చేతులు లెడ్జరులో తప్పకుండా ఉండి ఉంటాయి, కాకినాడలో అలాంటివాళ్ళు కొదవా? వాళ్ళకి సామాను మారిందే తప్ప నీళ్ళు మారలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ 32లో కుడిచేతి అచ్చు చూస్తూ ఉంటే చిటికెన వేలు మొదటి కణుపు దగ్గర లోపలికి వంగి కనిపించింది. ఆ వేలు నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే గుడికి వెళ్ళేవాణ్ణి. మా నాయనమ్మది.

నాయనమ్మ 1910లో పుట్టింది. పదహారో ఏట పెళ్ళయి, తాతయ్యతో కాకినాడ రేవులో ఓడెక్కి రంగం వెళ్ళింది. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనే అంటారు. అక్కడ బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ మనవాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి బాంబులు పడ్డాయి. జనవరిలో నాయనమ్మ పిల్లల్ని తీసుకుని, దొరికిన ఓడ పట్టుకుని కలకత్తా చేరి, అక్కడినుంచి రైల్లో ఇంటికొచ్చింది. “ఒంటిమీది చీరతో వచ్చాంరా” అనేది. “ఇక్కడికొచ్చి ఊపిరి పీల్చుకున్నామో లేదో, ఏప్రిల్‌లో కాకినాడ మీదా వేశాడు బాంబులు. నన్ను వెతుక్కుంటూ వచ్చాడేమో అనుకున్నా!”

16, 32. లెక్క సరిపోయింది. సరిపోవడంలోనే అసలు చిక్కుంది. 1957లో అచ్చు తీసేనాటికి ఈ సంగతులన్నీ మరిది గారికి కంఠోపాఠం.

భూతద్దం పెట్టి జీవితరేఖని మళ్ళీ చూశాను. విడిపోయిన పాయలు రెండు కాదు, ఐదు. ఎర్రచుక్కలు పెట్టింది రెండింటికే. మిగతా మూడూ దారం లెక్కన 23, 39, 44 దగ్గర పడతాయి. ఆ ఏళ్ళలో నాయనమ్మ ఎక్కడికీ కదల్లేదు. పైగా సిరా అచ్చులో చర్మం సాగి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ కావడం మామూలే, అంటే రెండేళ్ళ తేడా ఊరికే వస్తుంది. ఐదు పాయలూ, నాలుగేళ్ళ వెడల్పూ ఉంటే తెలిసిన ఏ రెండు తేదీలైనా ఎక్కడో ఒకచోట ఇమిడిపోతాయి. ఇంకోటి. విధిరేఖ ఆగకముందే పక్కది మొదలైతే, అనుకుని చేసుకున్న మార్పని పుస్తకాలు చెబుతాయి. బలవంతాన తెగిపోయిన కాపురానికి మధ్యలో ఖాళీ ఉండాలి. ఒంటిమీది చీరతో వచ్చిన మనిషి చేతిలో ఖాళీ లేదు. ఈ సంగతి చిన్నతాతయ్య ఎక్కడా రాయలేదు.

ఆయన మోసం చేశాడని నేననను. తెలిసిన కథని చేతిలో వెతుక్కుంటే కంటికి కావలసిన గీతే కనిపిస్తుంది. నేను 2.4 దగ్గర దారం పట్టుకుని “ఆహా” అనలేదూ?

తెలియని చేతిలో ఈ పద్ధతి ఏమవుతుందో చూడాలంటే ముందుచూపుగా రాసిన పేజీ కావాలి. అలాంటిది ఒకటుంది, 40. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. చెయ్యి నున్నగా ఉంది, చంద్రస్థానం మీద రెండు లోతైన గీతలు, జీవితరేఖలో చీలిక, విధిరేఖలో మలుపు. మూడు సాక్ష్యాలూ కుదిరాయి. “సముద్రం. 26 దగ్గర” అని నల్లసిరాతో ధైర్యంగా రాశాడు. దాని కిందే ఏళ్ళ తర్వాత నీలంసిరాతో ఒక్క మాట చేర్చాడు: “బస్సు.” కుర్రాడెవరో కనుక్కున్నాను. ఇరవై ఆరో ఏట కండక్టరు ఉద్యోగం వచ్చింది. కాకినాడ, రాజమండ్రి, మళ్ళీ కాకినాడ. రోజూ రాత్రి ఇంట్లోనే పడుక్కున్నాడు, రిటైరయ్యేదాకా. బతుకంతా ప్రయాణమే, ఒక్క దాటూ లేదు. ఇంకొకరైతే బస్సు కూడా ప్రయాణమే కదా అని నెగ్గేవారు. చిన్నతాతయ్య అలా నెగ్గలేదు. “సముద్రం” మీద అడ్డగీత కొట్టాడు.

31 ఎవరిదన్నది అప్పటికి తేలలేదు. మగవాళ్ళకి కుడి, ఆడవాళ్ళకి ఎడమ చూడడం మన అలవాటు కాబట్టి, ఎడమ ఒక్కటే ఉన్న ఈ చెయ్యి ఎవరో ఆడమనిషిదనే అనుకుంటూ వచ్చాను. కానీ లెడ్జరంతటా ఆడా మగా అందరివీ రెండు చేతులూ తీసిన మనిషి ఇక్కడే ఎందుకు మానేశాడు? అచ్చు మధ్య గుంట తెల్లగా మిగిలిపోయింది, మిగతా ఏ పేజీలోనూ అలా లేదు. పైనుంచి అదిమేవాళ్ళు లేరన్నమాట. రోలరు కుడిచేత్తో పట్టుకున్నవాడికి అచ్చు తీసుకోవడానికి మిగిలేది ఎడమ చెయ్యి. 1957లో 46 అంటే 1911లో పుట్టాలి.

చిన్నతాతయ్య 1911లో పుట్టాడు. అన్నగారు రంగం రమ్మని రెండుసార్లు ఉత్తరం రాశారట. మంచాన పడ్డ తల్లిని చూసుకోవాలని ఒకసారి, కొట్లో లెక్కలు అప్పజెప్పలేదని ఒకసారి ఆగిపోయాడు. తర్వాత వెళ్ళడానికి రంగం లేదు. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక రైల్వే టైంటేబులు ఉండేది. కొత్తది వచ్చినప్పుడల్లా కొనేవాడు.

31వ పేజీ వెనక్కి తిప్పితే పెన్సిలు రాతలున్నాయి. సామర్లకోటలో హౌరా వైపు వెళ్ళే రైళ్ళు, మద్రాసు వైపు వెళ్ళే రైళ్ళు, వచ్చే వేళ, బయల్దేరే వేళ. కొన్ని వేళలు కొట్టేసి పక్కన కొత్తవి దిద్ది ఉన్నాయి. దిద్దింది ఒకసారి కాదు. మూడు రంగుల సిరాలు లెక్కపెట్టాను.